డబ్బులు కట్ అయ్యాయి.. కోడ్ పనిచేయట్లేదు.. ఇప్పుడెట్లా?

బంగారుపాళ్యంలో డిగ్రీ చదివే ఒక కుర్రాడిని ఊహించుకోండి. పేరు ఎందుకులే, మీ క్లాసులోనే ఉంటాడు. శనివారం రాత్రి ఫ్రెండ్స్ అంతా గేమ్‌లో ఉన్నారు. వీడికి టాపప్ కావాలి. గూగుల్ ప్లేలో వాడుకునే వెయ్యి రూపాయల గిఫ్ట్ కోడ్ ఏదో సైట్‌లో తొమ్మిది వందలకే కనిపించింది. రాత్రి 8:40కి ఆర్డర్ పెట్టి యూపీఐతో కట్టేశాడు. 8:43కి మెయిల్‌లో కోడ్ వచ్చింది. అన్నం తినేసి వచ్చి 9:05కి కోడ్ ఎక్కిస్తే ఈ కోడ్‌ని ఇప్పటికే వాడేశారని స్క్రీన్ మీద పడింది.

సైట్ సపోర్ట్‌కి మెసేజ్ పెట్టాడు. నిమిషంలో జవాబొచ్చింది: ‘డిజిటల్ వస్తువులకు రిటర్న్ లేదు, రిఫండ్ లేదు’. ఊళ్లో మొబైల్ షాపు అన్నని అడిగితే ఆయనా పెదవి విరిచాడు. ‘ఆ కంపెనీ బెంగళూరులో ఉందో ఢిల్లీలో ఉందో.. తొమ్మిది వందల కోసం ఎవరి వెంట పడతావప్పా, వదిలేయ్’.

ఇది మనం కల్పించుకున్న ఉదాహరణే. కానీ ఇలాంటిది జరిగినప్పుడు చాలామంది చేసేది అదే, వదిలేయడం. సపోర్ట్ వాళ్లు చెప్పినదీ, షాపు అన్న చెప్పినదీ రెండూ తప్పే. ఎందుకు తప్పో, ఈ కుర్రాడు ఆదివారం పొద్దున లేచి ఏం చేయాలో వరసగా చూద్దాం.

ముందు ఎక్కడ ఆగిందో చూడండి

గిఫ్ట్ కోడ్ కొనడం మనకి ఒక్క ట్యాప్‌లా కనిపిస్తుంది గానీ లోపల మూడు మెట్లు ఉంటాయి. మన బ్యాంకు నుంచి డబ్బు అమ్మేవాడికి చేరడం మొదటిది. అమ్మేవాడి దగ్గర నుంచి కోడ్ మనకి రావడం రెండోది. ఆ కోడ్‌ని జారీ చేసిన కంపెనీ సర్వర్ దాన్ని ఒప్పుకుని మన అకౌంట్‌లో విలువ వేయడం మూడోది. ఒక్కో మెట్టు దగ్గర బాధ్యత ఒక్కొక్కరిది. బ్యాంకుని అడగాల్సింది గూగుల్‌ని అడిగితే, గూగుల్‌ని అడగాల్సింది బ్యాంకుని అడిగితే అందరూ మర్యాదగా ‘అది మా పరిధిలో లేదు’ అంటారు. వాళ్లు చెప్పేది నిజమే కూడా.

మొదటి మెట్టు దగ్గరే ఆగితే ఇలా ఉంటుంది: ఖాతాలో డబ్బులు కట్ అయ్యాయి, సైట్‌లో మాత్రం ఆర్డర్ లేదు, లేదా ‘పేమెంట్ ఫెయిల్డ్’ అని ఉంది. కంగారుపడి రెండోసారి కట్టకండి. ఇలాంటి సందర్భానికి రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్‌లోనే గడువు పెట్టింది. యూపీఐలో మన ఖాతా నుంచి డబ్బు పోయి, వ్యాపారికి చేరినట్టు ధ్రువీకరణ రాకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోగా డబ్బు దానంతట అదే వెనక్కి రావాలి. శనివారం కడితే గురువారం లోపల అన్నమాట. ఆ గడువు దాటితే రోజుకి వంద రూపాయల చొప్పున పరిహారం కూడా మనకి రావాలి. రాకపోతే యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి, అక్కడే ఫిర్యాదు పెట్టండి. అందులో కనిపించే 12 అంకెల యూటీఆర్ నంబరు రాసిపెట్టుకోండి. ఆ పేమెంట్ ఆనవాలు అదే. ఫిర్యాదు చేసి 30 రోజులైనా బ్యాంకు పట్టించుకోకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో ఉచితంగా రాయొచ్చు.

అయితే ఒక మెలిక ఉంది. పేమెంట్ ‘సక్సెస్’ అయి, డబ్బు అమ్మేవాడికి నిజంగానే చేరిపోతే ఈ ఐదు రోజుల రూలు వర్తించదు. బ్యాంకు చేయాల్సిన పని అయిపోయింది. ఇక లెక్క మనకీ అమ్మేవాడికీ మధ్యే. మన కుర్రాడి కేసు అలాంటిదే.

కోడ్ రాకపోతే

ఆర్డర్ సక్సెస్ అయింది, కోడ్ మాత్రం రాలేదు. ఇది రెండో మెట్టు. ముందు మనవైపు చూసుకోండి. మెయిల్ ఐడీలో ఒక అక్షరం తప్పు కొట్టారా? స్పామ్‌లో పడిందా? చాలా యాప్‌లలో కోడ్ మెయిల్‌కి రాకపోయినా, ‘ఆర్డర్స్’ లేదా ‘వోచర్స్’ పేజీలో కూర్చుని ఉంటుంది. కొత్త అకౌంట్ నుంచి పెద్ద మొత్తానికి కొంటే మోసం అనుమానంతో ఆర్డర్‌ని కాసేపు ఆపి చూడటం కూడా మామూలే. అప్పుడు ఆర్డర్ పేజీలో ‘పెండింగ్’ అని కనిపిస్తుంది.

ఇవన్నీ చూశాక కూడా లేకపోతే అది డెలివరీ కాని సరుకే. ఆర్డర్ నంబరు, కట్టిన టైము కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి సైట్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. ఫోన్‌లో మాట్లాడితే ఆధారం మిగలదు. చాట్‌లో మాట్లాడితే ఆ చాట్‌ని కూడా దాచుకోండి, కొన్ని సైట్లలో విండో మూసేస్తే చాట్ పోతుంది.

కోడ్ వచ్చింది.. పనిచేయలేదు

అసలు చిక్కు ఇక్కడుంది. పనిచేయకపోవడం అంతా ఒకటి కాదు. స్క్రీన్ మీద వచ్చే మాటని జాగ్రత్తగా చదవండి. అది మూడు రకాలుగా ఉంటుంది.

కోడ్ చెల్లదు అని వస్తే చాలాసార్లు టైపింగ్ తేడా. సున్నాకి బదులు ‘ఓ’ అక్షరం, ఒకటికి బదులు ‘ఐ’ కొట్టడం, కాపీ చేసినప్పుడు చివర ఖాళీ స్పేస్ కూడా రావడం.. ఇలాంటివి. నిదానంగా మళ్లీ ఒకసారి ఎక్కించండి. అంతేగానీ ఇరవైసార్లు కొట్టొద్దు. ఎక్కువసార్లు తప్పు కోడ్ కొడితే అనుమానం వచ్చి సిస్టమే మిమ్మల్ని కాసేపు ఆపేయొచ్చు.

ఈ దేశంలో చెల్లదు అని వస్తే మీరు కొన్నది వేరే దేశం కోడ్. గూగుల్ ప్లే గిఫ్ట్ కోడ్ ఏ దేశానిదో మీ ప్లే అకౌంట్ కూడా ఆ దేశానిదే అయి ఉండాలి. డాలర్లలో ఉన్న కోడ్ చవగ్గా వచ్చిందని కొంటే ఇక్కడ ఎక్కదు. పోనీ దేశం మారుద్దామంటే ప్లేలో ఏడాదికి ఒక్కసారే మార్చనిస్తారు. కాబట్టి ఆ దారి పట్టకండి. అమ్మిన పేజీలో అది ఏ దేశం కోడో రాశాడా లేదా చూడండి. రాయకపోతే తప్పు అమ్మేవాడిది. రాసి ఉన్నా చూడకుండా కొంటే వాదన మనకి బలహీనం.

ఇప్పటికే వాడేశారు అని వస్తే.. ఇదే మన కుర్రాడి కేసు. దీనికి మూడు కారణాలే ఉంటాయి. మొదటిది, తనే ఇంకో అకౌంట్‌లో ఎక్కించేసి ఉండటం. ఫోన్‌లో రెండు మూడు జీమెయిల్ ఐడీలు ఉన్నవాళ్లకి ఇది తరచూ జరుగుతుంది. ప్లే స్టోర్‌లో పైన ఉన్న ఫొటో నొక్కి, ఒక్కో అకౌంట్‌కి మారి బ్యాలెన్స్ చూస్తే తేలిపోతుంది. రెండోది, కోడ్ వచ్చాక ఇంకెవరో చూసి వాడుకోవడం. ఫ్రెండ్స్ గ్రూపులో ‘చూడండ్రా కొన్నాను’ అని స్క్రీన్‌షాట్ పెట్టి ఉంటే ఇంక చెప్పేదేముంది. మూడోది, అమ్మేవాడే వాడేసిన కోడ్ అంటగట్టడం, లేదా ఒకే కోడ్‌ని ఇద్దరికి అమ్మడం.

అన్నీ తేల్చేది ఆ రెండు టైములే

ఈ మూడింట్లో ఏది జరిగిందో వాదనలతో తేలదు. టైముతో తేలుతుంది. కోడ్‌ని ఎప్పుడు యాక్టివేట్ చేశారో, ఎప్పుడు వాడారో జారీ చేసిన కంపెనీ సర్వర్‌లో నమోదై ఉంటుంది. ఎవరు వాడారో మనకి చెప్పరు, అది ఆ మనిషి వ్యక్తిగత వివరం. కానీ ఎప్పుడు వాడారో కనుక్కోమని అమ్మేవాడిని అడగడానికి మనకి పూర్తి హక్కుంది.

మన కుర్రాడు ఆర్డర్ పెట్టింది 8:40కి. కోడ్ వాడిన టైము 8:31 అని తేలిందనుకోండి, కేసు అక్కడే అయిపోయింది. ఆర్డర్ పెట్టకముందే చచ్చిపోయిన కోడ్ అమ్మారు. కుర్రాడి ఫోన్ హ్యాక్ అయినా, గ్రూపులో పెట్టినా అప్పటికి ఆ కోడ్ వాడి దగ్గరే లేదు కదా.

అదే 8:52 అని తేలితే కథ వేరు. కోడ్ 8:43కి వచ్చింది, తొమ్మిది నిమిషాల తర్వాత ఎవరో వాడారు. అప్పుడు కుర్రాడు తన ఫోన్, మెయిల్ ఎవరి చేతిలో ఉన్నాయో, కోడ్ ఎవరికైనా పంపాడో చూసుకోవాలి. అలాగని తప్పు తనదే అని కూడా కాదు. ఒకే కోడ్‌ని సైట్ ఇద్దరికి పంపి ఉంటే రెండోవాడు ముందు వాడి ఉండొచ్చు. మెయిల్ అకౌంట్‌లో సెక్యూరిటీ పేజీ తెరిచి, ఆ టైములో తెలియని ఫోన్ ఏదైనా లాగిన్ అయిందా చూసి, లేదని చూపించే స్క్రీన్‌షాట్ పెట్టుకుంటే అమ్మేవాడి మీద అనుమానం బలపడుతుంది.

అందుకే సపోర్ట్‌కి ‘మీరు మోసగాళ్లు’ అని రాసేకంటే ఇలా రాయాలి: ‘ఫలానా ఆర్డర్ నంబరు. ఫలానా తేదీ రాత్రి 8:40కి 900 రూపాయలు కట్టాను, యూటీఆర్ ఇది. 8:43కి కోడ్ వచ్చింది. 9:05కి ఎక్కిస్తే ఇప్పటికే వాడారని చూపించింది, స్క్రీన్‌షాట్ జతచేశాను. ఈ కోడ్ ఎప్పుడు యాక్టివేట్ అయింది, ఎప్పుడు వాడారు అన్నది రాతపూర్వకంగా చెప్పండి. పనిచేసే కోడ్ ఇవ్వండి, లేదా డబ్బు వెనక్కి ఇవ్వండి’. తెలుగులో రాసినా, ఇంగ్లిష్‌లో రాసినా విషయం ఇంతే. కోపం లేదు, టైములు ఉన్నాయి. జవాబు చెప్పక తప్పని ప్రశ్న ఉంది. స్క్రీన్‌షాట్‌లో కోడ్ మొత్తం కనిపిస్తే దాన్ని ఆ సైట్‌కి తప్ప ఇంకెవరికీ పంపకండి.

‘నో రిఫండ్’ అని రాసుకుంటే సరిపోదు

ఇప్పుడు సపోర్ట్ వాళ్ల జవాబు దగ్గరికొద్దాం. డిజిటల్ వస్తువులకి రిటర్న్ లేదు అనే షరతు ఎందుకు పెడతారంటే, కోడ్ ఒకసారి చూశాక వెనక్కి ఇచ్చినా దానికి విలువ ఉండదు. మనసు మారి వద్దనుకున్నవాళ్ల విషయంలో ఆ మాట న్యాయమే. కానీ పనిచేయని సరుకు సంగతి వేరు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ఈ-కామర్స్ అంటే ఏమిటో చెప్పేటప్పుడే డిజిటల్ ఉత్పత్తులని పేరు పెట్టి చేర్చింది. దాని కింద 2020 జులైలో ఈ-కామర్స్ నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం మార్కెట్‌ప్లేస్‌లో అమ్మేవాడు ఇచ్చిన వస్తువు గానీ సేవ గానీ లోపంతో ఉన్నా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా, చెప్పిన టైముకి రాకపోయినా డబ్బు తిరిగివ్వను అనడానికి వీల్లేదు. వెబ్‌సైట్‌లో ఏం రాసుకున్నా సరే, చట్టం కన్నా అది పెద్దది కాదు.

ఆ నిబంధనల్లోనే ఇంకో మాట ఉంది. ప్రతి ఈ-కామర్స్ సంస్థ ఒక గ్రీవెన్స్ ఆఫీసర్‌ని పెట్టి, ఆ పేరూ వివరాలూ సైట్‌లో చూపించాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. చాట్‌లో జవాబిచ్చే సపోర్ట్ వేరు, ఈ ఆఫీసర్ వేరు. సైట్ అడుగున చిన్న అక్షరాల్లో వెతికి, పైన చెప్పిన మెసేజే ఆ మెయిల్‌కి పంపండి. సైట్ ఉత్త మార్కెట్ మాత్రమే, అమ్మింది వేరేవాడు అంటే, ఆ అమ్మేవాడి పేరు, అడ్రస్ ఇమ్మని అడగండి. అడిగితే ఇవ్వాల్సిందే.

బెంగళూరు పోనక్కర్లేదు, చిత్తూరు చాలు

ఇక షాపు అన్న మాట. ఒకప్పుడు ఆయన చెప్పింది నిజమే. 1986 నాటి పాత చట్టంలో సాధారణంగా కంపెనీ ఉన్నచోటో, గొడవ పుట్టినచోటో కేసు వేయాల్సి వచ్చేది. కొత్త చట్టంలో 34వ సెక్షన్ దాన్ని మార్చేసింది. ఫిర్యాదు చేసేవాళ్లు ఎక్కడ నివసిస్తున్నారో, ఎక్కడ పని చేసుకుంటున్నారో అక్కడి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. మన కుర్రాడికి అంటే చిత్తూరు. అమ్మిన కంపెనీ పలమనేరు మీదుగా ఆ హైవే చివర బెంగళూరులో ఉన్నా, ఇంకెక్కడున్నా చిత్తూరుకి వచ్చి జవాబు చెప్పుకోవాలి.

అయితే అంతదాకా వెళ్లే ముందు 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనూ మాట్లాడొచ్చు. వాళ్లు మన ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. చిన్న మొత్తాలు చాలావరకు ఇక్కడే తేలే అవకాశం ఉంటుంది, ఎందుకంటే తొమ్మిది వందల కోసం కేసు దాకా పోవాలని కంపెనీకీ ఉండదు. కానీ హెల్ప్‌లైన్ కోర్టు కాదు, కంపెనీని ఆదేశించే అధికారం దానికి లేదు. కంపెనీ మొండికేస్తే అప్పుడు జిల్లా కమిషన్.

కేసు ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు, e-jagriti.gov.in అనే పోర్టల్ ఉంది. కొన్న విలువ ఐదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. మీకు పద్దెనిమిది నిండకపోతే అమ్మో నాన్నో మీ తరఫున వేయొచ్చు. ఒక్క విషయం, కోడ్‌లు కొని ఫ్రెండ్స్‌కి లాభానికి అమ్మే అలవాటుంటే ఈ దారి మూసుకుపోతుంది. తిరిగి అమ్మడానికి కొన్నవాళ్లని చట్టం వినియోగదారులుగా చూడదు.

మూడు నెలలు పనిచేసి ఆగిపోయే కీలు

ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి ఇంకో రకం తలనొప్పి. నాలుగైదు వందలకి విండోస్ కీ కొంటారు, ఎక్కుతుంది, రివ్యూలో ఐదు స్టార్లు కూడా ఇచ్చేస్తారు. కొన్నాళ్లకి యాక్టివేషన్ పోయిందని స్క్రీన్ మీద వస్తుంది. కారణం చాలాసార్లు ఒకటే. ఆఫీసులు, కాలేజీలు వందల కంప్యూటర్లకి కలిపి తీసుకున్న వాల్యూమ్ కీని ఎవరో విడివిడిగా అమ్మేశారు. మైక్రోసాఫ్ట్ గమనించి దాన్ని ఆపేస్తుంది. కొన్న రోజే తెలుసుకోవాలంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టండి:

```
slmgr /dli
```

వచ్చే చిన్న విండోలో RETAIL అని ఉంటే విడిగా అమ్మే రకం కీ. VOLUME_MAK అని గానీ VOLUME_KMSCLIENT అని గానీ ఉంటే అది ఒక సంస్థకి ఇచ్చిన రకం, మీకు విడిగా అమ్మాల్సింది కాదు. ఇవాళ పనిచేస్తున్నా సరే, ఆ విండోని స్క్రీన్‌షాట్ తీసి, పనిచేస్తుండగానే అమ్మినవాడిని రిఫండ్ అడగండి. మూడు నెలలు ఆగితే చాలామంది అమ్మకందార్లు అడ్రస్ ఉండరు. ఎక్కించేటప్పుడే 0xC004C008 అనే ఎర్రర్ వస్తే ఆ కీని ఇప్పటికే పరిమితికి మించి వాడేశారని అర్థం. గిఫ్ట్ కోడ్‌లో వచ్చే ఇప్పటికే వాడేశారు అన్న మాటకి ఇది అన్న.

ఈ దారి ఎక్కడ పనిచేయదు

ఇప్పటిదాకా చెప్పిందంతా ఎదుటివాడికి ఒక పేరు, ఒక అడ్రస్ ఉంటేనే. టెలిగ్రామ్ గ్రూపులోనో, ఇన్‌స్టా డీఎంలోనో ‘వెయ్యి కోడ్ ఐదు వందలకే బ్రో’ అన్నవాడికి వాడి సొంత యూపీఐ నంబరుకి పంపితే ఆర్డర్ నంబరు ఉండదు, బిల్లు ఉండదు, గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండడు. మనమే పిన్ కొట్టి పంపిన డబ్బు కాబట్టి బ్యాంకు కూడా ఫెయిలైన లావాదేవీ అనదు. అలాంటప్పుడు వినియోగదారుల ఫోరం వైపు చూసి రోజులు పోగొట్టుకోకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి, cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయండి. ఆ డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగానే ఆపగలిగితేనే వెనక్కొచ్చే ఆశ ఉంటుంది. అందుకే అక్కడ గంటలు లెక్క, రోజులు కాదు.

కాబట్టి ఈసారి చవక కోడ్ కనిపించినప్పుడు తగ్గింపు ఎంతో చూసే ముందు సైట్ కిందికి ఒకసారి స్క్రోల్ చేయండి. కంపెనీ పేరు, అడ్రస్, గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు కనిపిస్తే తేడా వచ్చినా పోట్లాడటానికి చిత్తూరు ఉంది. కనిపించకపోతే ఆ వంద రూపాయల తగ్గింపు కోసం తొమ్మిది వందలు పందెం కాస్తున్నట్టే. కొన్నారా, కోడ్ రాగానే తెరిచి అప్పుడే ఎక్కించేయండి. అన్నం తిన్నాక చూద్దాంలే అనుకుంటే, మధ్యలో పోయిన ఆ ఇరవై నిమిషాల లెక్క మీరే చెప్పుకోవాల్సి వస్తుంది.